సెక్షన్ నంబర్ రైటు, జవాబు తప్పు: ర్యాగ్ ఎక్కడ తడబడుతుంది

సంక్షిప్తంగా: పత్రాల్లోంచి వెతికి జవాబు చెప్పే ఏఐ వ్యవస్థల వెనుక సాధారణంగా ఉండేది రిట్రీవల్ ఆగ్మెంటెడ్ జనరేషన్. అందరూ పొట్టిగా ర్యాగ్ అంటారు. ఇందులో లాంగ్వేజ్ మోడల్‌కు కొత్తగా నేర్పేదేమీ ఉండదు. ప్రశ్న వచ్చినప్పుడు దానికి దగ్గరగా ఉన్న నాలుగైదు ముక్కలు వెతికి తెచ్చి దాని ముందు పెడతారు, అది చదివి జవాబు రాస్తుంది. కాబట్టి తప్పుల్లో చాలా భాగం మోడల్ నోరు విప్పక ముందే జరిగిపోతాయి. సమాచార హక్కు చట్టంపై వేసిన ఒకే ఒక ప్రశ్న ఈ దారిలో ఎలా ప్రయాణిస్తుందో, ఎక్కడ దారి తప్పుతుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

## "మా ఫైళ్లన్నీ దానికి నేర్పించాం"

ఆఫీసుల్లో, కంపెనీల్లో తరచూ వినిపించే మాట ఇది. సర్క్యులర్లు, జీవోలు, మాన్యువల్స్ అన్నీ ఎక్కించాం కాబట్టి మోడల్‌కు అవన్నీ తెలుసు అనుకుంటారు. అయోమయం అక్కడే మొదలవుతుంది. ఇప్పుడు మామూలుగా వాడే ర్యాగ్‌లో మోడల్ లోపలి అంకెలు ఒక్కటి కూడా మారవు. ఫైళ్లు మోడల్ బయట, ఒక సూచికలో ఉంటాయి. ప్రతి ప్రశ్నకూ ఆ సూచికలోంచి కొన్ని పేరాలు బయటకు తీసి, ప్రశ్నతో కలిపి మోడల్‌కు చదివిస్తారు. జవాబు ఇచ్చాక ఆ పేరాలు దానికి గుర్తుండవు. పుస్తకం మొత్తం బట్టీ పట్టిన విద్యార్థికీ, పరీక్ష హాల్లో ఎవరో చింపి ఇచ్చిన నాలుగు పేజీలు చూసి రాసే విద్యార్థికీ ఎంత తేడా ఉందో ఇక్కడా అంతే. రెండోవాడి మార్కులు ఏ పేజీలు చింపి ఇచ్చారన్న దానిమీద ఆధారపడతాయి.

ఈ పేరు 2020లో పాట్రిక్ లూయిస్, మరికొందరు ఫేస్‌బుక్ ఏఐ పరిశోధనా విభాగం నుంచి ప్రచురించిన పరిశోధన పత్రంతో వచ్చింది. వాళ్లు ఇంగ్లీషు వికీపీడియాను వంద మాటల ముక్కలుగా కోశారు. మొత్తం 2.1 కోట్ల ముక్కలయ్యాయి. ప్రతి ముక్కకూ ఒక అంకెల వరస తయారుచేసి, ప్రశ్నకు దగ్గరగా ఉన్నవాటిని వెతికి, బార్ట్ అనే మోడల్‌కు అందించారు. ఆ పత్రంలో వెతికే భాగంలో కొంత, రాసే భాగం కలిపి శిక్షణ ఇచ్చారు. ఇప్పుడు బయట ర్యాగ్ పేరుతో నడుస్తున్న వాటిలో చాలావాటికి ఆ ఉమ్మడి శిక్షణ లేదు. పాఠాన్ని అంకెల వరసగా మార్చడానికి ఎవరో తయారుచేసిన ఎంబెడింగ్ మోడల్, జవాబు రాయడానికి ఇంకెవరో తయారుచేసిన లాంగ్వేజ్ మోడల్, మధ్యలో ఆ అంకెల వరసలను దాచి వెతికే ఒక వెక్టర్ డేటాబేస్. ఈ మూడూ ఒకదానికొకటి పరిచయం లేని మనుషుల్లా పనిచేస్తాయి.

ఇక ప్రశ్న. సమాచార హక్కు చట్టం, 2005 పాఠాన్ని ఎక్కించిన ఒక వ్యవస్థను ఎవరో ఇలా అడిగారనుకుందాం: "మా తమ్ముణ్ని మొన్న పోలీసులు తీసుకెళ్లారు. ఎక్కడ ఉంచారో చెప్పమని ఆర్టీఐ పెట్టాను. ఎన్నాళ్లలో జవాబు ఇవ్వాలి?"

వ్యవస్థ ఇలా చెప్పింది: "సెక్షన్ 7(1) ప్రకారం 30 రోజుల్లోగా ఇవ్వాలి." సెక్షన్ నంబర్ సరైనదే. 30 రోజులన్న మాట కూడా అక్కడ ఉన్నదే. అయినా జవాబు తప్పు. ఎందుకంటే అదే 7(1) కింద ఒక "అయితే" ఉంది. కోరిన సమాచారం ఒక వ్యక్తి ప్రాణానికి లేదా స్వేచ్ఛకు సంబంధించినదైతే 48 గంటల్లో ఇవ్వాలని ఆ ప్రొవైజో చెబుతుంది.

మోడల్ కల్పించి చెప్పిందని ఇక్కడ అనలేం. తన ముందు ఉన్న కాగితం మీద ఉన్నదే చెప్పింది. ఆ కాగితం మీద ప్రొవైజో లేదు.

## కత్తెర ఎక్కడ పడింది

పత్రాన్ని ముక్కలు చేయడాన్ని చంకింగ్ అంటారు. మొత్తం చట్టాన్ని ఒకే ముక్కగా ఉంచితే అందులోని అన్ని విషయాలూ కలిసిపోయి ఏ ప్రశ్నకూ ప్రత్యేకంగా దగ్గర కాదు. ఒక్కో వాక్యాన్ని ఒక్కో ముక్క చేస్తే "సదరు అధికారి", "పై ఉపసెక్షన్‌లో చెప్పిన గడువు" లాంటి మాటలకు ఆధారం పోతుంది. మధ్యేమార్గంగా ఇన్ని మాటలని లేదా ఇన్ని టోకెన్లని లెక్క పెట్టుకుని కోయడం అలవాటైంది. చాలా సాఫ్ట్‌వేర్లలో ముందే పెట్టి ఉండే అమరిక ఇలాంటిదే.

అదే లెక్కను 7(1)కు వర్తింపజేస్తే ఏమవుతుందో చూడండి. చట్టం ఇంగ్లీషు మూలంలో 7(1) ప్రధాన వాక్యం 90 మాటలకు కాస్త తక్కువ. దాని కింద ప్రొవైజో ఇంకో 30 మాటల దాకా ఉంటుంది. రెండూ కలిపితే వంద దాటతాయి. అంటే వంద మాటల చొప్పున కోస్తే, ఎక్కడ మొదలుపెట్టినా, ఆ రెండూ పూర్తిగా ఒకే ముక్కలో పట్టవు. వికీపీడియా పేరాకు సరిపోయిన కొలత చట్టానికి సరిపోలేదు. వికీపీడియాలో ఒక పేరాను రెండు చేస్తే రెండూ తలో కొంత నిజం చెబుతాయి. చట్టంలో "ఇవ్వాలి" ఒక ముక్కలోకి, "అయితే" ఇంకో ముక్కలోకి వెళితే మొదటిది తప్పు చెప్పడం మొదలుపెడుతుంది.

విడిపోయిన ప్రొవైజో ఏమైందన్నది ఇంకా ముఖ్యం. అది తర్వాతి ముక్కలో తలభాగమైంది. ఆ ముక్కలో మిగతాదంతా 7(2), ఆ తర్వాత 7(3) మొదలు: గడువులోగా నిర్ణయం చెప్పకపోతే తిరస్కరించినట్టే లెక్క, అదనపు ఫీజు పడితే ఎంతో లెక్కగట్టి దరఖాస్తుదారుకు ఎలా తెలపాలి వగైరా. ప్రాణం, స్వేచ్ఛ అన్న మాటలు ఒక్క వాక్యంలో ఉండి, ఫీజుల గొడవలో కలిసిపోయాయి. ఈ ముక్క బయటకు తేలకపోవడానికి కారణం ఇదే, దీన్ని కాసేపట్లో అంకెల్లో చూడొచ్చు.

ముక్కల మధ్య కొంత భాగం రెండింటిలోనూ ఉండేలా కోయడం మామూలుగా చెప్పే మందు. దీన్ని ఓవర్‌ల్యాప్ అంటారు. పది, ఇరవై శాతం అతివ్యాప్తి పెడితే వాక్యం మధ్యలో తెగడం తగ్గుతుంది. కానీ 7(1) విషయంలో వంద మాటలకు ఇరవై మాటల ఓవర్‌ల్యాప్ పెట్టినా ప్రధాన వాక్యం, ప్రొవైజో ఒకచోట చేరవు. అసలు మందు లెక్క మానేసి పత్రం సొంత కీళ్ల దగ్గర కోయడం. చట్టానికి కీళ్లు స్పష్టంగా ఉంటాయి: అధ్యాయం, సెక్షన్, ఉపసెక్షన్, ప్రొవైజో. ఉపసెక్షన్‌ను దాని ప్రొవైజోలతో కలిపి ఒక ముక్కగా తీసుకుని, నెత్తిన "సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 7, దరఖాస్తు పరిష్కారం, ఉపసెక్షన్ 1" అని ఒక వరుస చేర్చాలి. ఆ వరుస లేకపోతే, గుంపులోంచి తీసిన ముక్కకు తానెవరో తెలియదు.

అలా చేసినా ఒక చిక్కు మిగులుతుంది. 7(1) "5(2) ప్రొవైజోకూ, 6(3) ప్రొవైజోకూ లోబడి" అంటూ మొదలవుతుంది. సహాయ సమాచార అధికారి దగ్గర దరఖాస్తు ఇస్తే గడువుకు ఐదు రోజులు కలపాలన్నది 5(2)లో ఉంది. ఒక ముక్క ఇంకో ముక్కను వేలుపెట్టి చూపిస్తోంది, వెతికే యంత్రం ఆ వేలును చూడదు. ముక్కలు తయారుచేసేటప్పుడే ఇలాంటి ప్రస్తావనలను గుర్తించి, ఒకటి బయటకు వస్తే రెండోదీ వెంట వచ్చేలా కట్టిపెట్టాలి. ఇది చేత్తో చేసే పని, విసుగు పుట్టించే పని. అందుకే ఎక్కువమంది చేయరు.

## తెలుగు పాఠానికి అదనంగా వచ్చే తిప్పలు

ఇదే చట్టం తెలుగు అనువాదాన్ని ఎక్కిస్తే కొలతలు మారిపోతాయి. మోడళ్లు మాటలను నేరుగా చదవవు, టోకెన్లనే చిన్న తునకలుగా విడగొట్టి చదువుతాయి. ఈ తునకలు ఎక్కువగా ఇంగ్లీషు పాఠం చూసి తయారుచేసినవైతే తెలుగు మాట నుజ్జునుజ్జవుతుంది. "స్త్రీ" అన్న ఒక్క అక్షరం యూనికోడ్‌లో ఆరు సంకేతాలు. సాధారణంగా వాడే యూటీఎఫ్-8 నిల్వలో అది 18 బైట్లు. 2024లో జీపీటీ-4ఓ విడుదల చేసినప్పుడు ఓపెన్‌ఏఐ ఇచ్చిన ఉదాహరణలో ఒక చిన్న పరిచయ వాక్యం తెలుగులో పాత పద్ధతిలో 159 టోకెన్లు, కొత్త పద్ధతిలో 45 టోకెన్లు పట్టింది. ఇంగ్లీషులో అదే వాక్యం 27 నుంచి 24కు తగ్గింది. అంటే ఏ మోడల్‌తో లెక్కపెడుతున్నామన్న దాన్నిబట్టి 500 టోకెన్ల ముక్క ఇంగ్లీషులో ఒక పేజీకి దగ్గరగా ఉండొచ్చు, తెలుగులో ఒక పేరా కూడా కాకపోవచ్చు.

దీనివల్ల జరిగే అసలు నష్టం కనిపించనిది. ప్రతి ఎంబెడింగ్ మోడల్‌కూ ఒక పరిమితి ఉంటుంది. తెలుగుకు కూడా వాడే `multilingual-e5-large` పరిమితి 512 టోకెన్లు. అంతకు మించిన పాఠం ఇస్తే చాలా లైబ్రరీలు ఎర్రర్ చూపించవు. మిగతాది కోసి పారేసి, మొదటి 512కే అంకెలు తయారుచేసి ఇస్తాయి. ముక్క మొత్తం డేటాబేస్‌లో భద్రంగా కనిపిస్తుంది కానీ దాని వెనకభాగం వెతుకులాటకు లేనట్టే. ప్రొవైజోలు సాధారణంగా వెనకభాగంలోనే ఉంటాయి కదా. దీన్ని పట్టుకోవడం తేలిక: ప్రతి ముక్కనూ అదే మోడల్ టోకెనైజర్‌తో లెక్కపెట్టి, పరిమితి దాటినవి ఎన్నో చూస్తే చాలు.

వీటన్నిటికంటే ముందు వచ్చేది పీడీఎఫ్ సమస్య. అను లాంటి పాత, యూనికోడ్ కాని ఫాంట్లతో తయారైన తెలుగు పీడీఎఫ్ తెర మీద చక్కగానే కనిపిస్తుంది. పాఠం బయటకు లాగితే మాత్రం అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు వస్తాయి. ఆ చెత్తకు కూడా ఎంబెడింగ్ మోడల్ మారు మాట్లాడకుండా అంకెలు ఇస్తుంది. సూచిక తయారయ్యాక యాదృచ్ఛికంగా ఓ ఇరవై ముక్కలు తీసి ఒక మనిషి కళ్లతో చదివితే పది నిమిషాల్లో బయటపడే లోపం ఇది. చదవకపోతే నెలల తరబడి బయటపడదు.

## అర్థం అంకెలైతే

ఎంబెడింగ్ అంటే ఒక పాఠానికి బదులుగా నిలిచే అంకెల వరస. దాన్నే వెక్టర్ అంటారు. 2020 పత్రంలో ఒక్కో ముక్కకు 768 అంకెలు. `multilingual-e5-large` ఇచ్చేవి 1024. ఒకే రకం విషయం మాట్లాడే పాఠాలకు దగ్గరి వెక్టర్లు, వేరే విషయాలకు దూరపు వెక్టర్లు వచ్చేలా ఆ మోడల్‌కు ముందే శిక్షణ ఇస్తారు. ఒక్కో అంకెకు ఫలానా అర్థమని పేరు పెట్టలేం. అర్థం వాటన్నిటి కలయికలో ఉంటుంది.

అయినా విషయం తెలియడానికి మూడే మూడు అంకెలున్నాయనీ, వాటికి పేర్లున్నాయనీ ఊహించుకుందాం: గడువు, వ్యక్తి స్వేచ్ఛ, ఫీజు. తమ్ముడి ప్రశ్నలో గడువు ఎక్కువ, స్వేచ్ఛ కూడా బాగానే ఉంది, ఫీజు లేదు. ప్రశ్న వెక్టర్‌ను ఒక్కో ముక్క వెక్టర్‌తో అంకెకు అంకె గుణించి కూడితే దగ్గరితనం వస్తుంది. వెక్టర్ల పొడవు దాదాపు 1 కాబట్టి ఇదే కొసైన్ సామ్యం. కింది అంకెలు వివరణ కోసం కల్పించినవి, ఏ మోడల్ నుంచి తీసినవీ కావు.

```
import numpy as np
q = np.array([0.8, 0.6, 0.0])
D = np.array([[0.90, 0.10, 0.42],
              [0.95, 0.05, 0.30],
              [0.40, 0.30, 0.87],
              [0.70, 0.70, 0.10]])
print(D @ q)   # 0.78, 0.79, 0.50, 0.98
```

మొదటి వరస 7(1) ప్రధాన వాక్యం, స్కోరు 0.78. రెండోది మొదటి అప్పీలు గురించి చెప్పే 19(1), స్కోరు 0.79. అందులోనూ 30 రోజుల గడువే ఉంది కాబట్టి అది కూడా దగ్గరే. మూడోది ఫీజుల ముక్కలో చిక్కుకున్న ప్రొవైజో, స్కోరు 0.50. నాలుగోది అదే ప్రొవైజోను విడిగా, శుభ్రంగా ముక్క చేసి ఉంటే వచ్చేది, స్కోరు 0.98. పాఠంలో ఒక్క అక్షరం మారలేదు, కత్తెర చోటు మాత్రమే మారింది. అట్టడుగున ఉన్నది అన్నిటికంటే పైకి వచ్చింది.

ఇక్కడ ఎంబెడింగ్ గొప్పతనం ఒకటి గుర్తించాలి. ప్రశ్నలో "స్వేచ్ఛ" అన్న మాటే లేదు, "పోలీసులు తీసుకెళ్లారు" అని మాత్రమే ఉంది. అయినా నిర్బంధానికీ స్వేచ్ఛకూ ఉన్న సంబంధాన్ని మంచి ఎంబెడింగ్ మోడల్ కొంతవరకు పట్టుకుంటుంది. మాటకు మాట పోల్చే పాత పద్ధతికి ఇది చేతకాదు. అయితే ఈ దగ్గరితనం విషయానికి సంబంధించినది, నిజానికి సంబంధించినది కాదు. "సమాచారం ఇవ్వాలి", "సమాచారం ఇవ్వనవసరం లేదు" అన్న రెండు వాక్యాలూ ఒకే విషయం మాట్లాడతాయి కాబట్టి వాటి వెక్టర్లు బాగా దగ్గరగా రావచ్చు. ఒకటి హక్కు, రెండోది దాని నిరాకరణ అన్న తేడా చదివేవాడికి ఉన్నంత స్పష్టంగా వెక్టర్‌కు ఉండదు.

చిన్న వివరం, కానీ చాలామందిని ఇబ్బంది పెట్టేది. ఈ ఇ5 రకం మోడళ్లు ప్రశ్న ముందు `query: ` అనీ, ముక్క ముందు `passage: ` అనీ చేర్చి ఇస్తేనే శిక్షణలో చూసిన రూపం వస్తుంది. మరిచిపోతే ఎర్రర్ రాదు, ఫలితాలు కాస్త పాడవుతాయంతే.

## దగ్గరివాళ్లను వెతకడం

వెక్టర్ డేటాబేస్ చేసే పని పైన ఉన్న గుణకారమే, కాకపోతే పెద్ద ఎత్తున. పది లక్షల ముక్కలు, ఒక్కోదానికి 1024 అంకెలు ఉంటే, ప్రతి ప్రశ్నకూ దాదాపు వంద కోట్ల గుణకారాలు. నిల్వ నాలుగు జీబీ పైన. దీన్ని తగ్గించడానికి ఉజ్జాయింపు పద్ధతులు వచ్చాయి. వాటిలో బాగా వాడుకలో ఉన్నది యూరీ మల్కోవ్, దిమిత్రి యషునిన్ ప్రతిపాదించిన హెచ్‌ఎన్‌ఎస్‌డబ్ల్యూ. ముక్కలను అంతస్తుల వారీ వలగా కడుతుంది. పై అంతస్తులో కొద్ది బిందువులే ఉంటాయి, వాటి మధ్య పెద్ద అంగలు వేయొచ్చు. కిందికి దిగేకొద్దీ బిందువులు పెరుగుతాయి, అంగలు చిన్నవవుతాయి. హైదరాబాద్ నుంచి ఓ పల్లెలో ఇల్లు వెతుక్కుంటూ వెళ్లేవాళ్లు ముందు హైవే, తర్వాత మండలం రోడ్డు, చివర్లో సందు పట్టుకున్నట్టే. ప్రతి ఇంటి తలుపూ తట్టరు. అందుకే అప్పుడప్పుడూ సరైన ఇల్లు తప్పిపోతుంది కూడా.

సమాచార హక్కు చట్టంలో ఉన్నవి 31 సెక్షన్లు. ఉపసెక్షన్ల వారీగా కోసినా కొన్ని వందల ముక్కలు దాటవు. ఇంత చిన్న సూచికకు హెచ్‌ఎన్‌ఎస్‌డబ్ల్యూ అనవసరం, డేటాబేస్ కొనడం కూడా అనవసరం. పైనున్న ఒక్క వరుస గుణకారం అన్నిటినీ చూసి కచ్చితమైన జవాబు ఇస్తుంది. ఏ డేటాబేస్ మంచిదన్న చర్చలు ఎక్కువ, ముక్కలు ఎలా ఉన్నాయన్న చర్చలు తక్కువ. వాస్తవంలో ఫలితాన్ని మార్చేది రెండోదే.

వెక్టర్ వెతుకులాటకు "ఏమీ దొరకలేదు" అనడం తెలియదు. ఐదు అడిగితే ఐదు ఇస్తుంది. రేషన్ కార్డు గురించి అడిగినా ఈ చట్టంలో ఉన్నవాటిలో అత్యంత దగ్గరివి ఐదు తెచ్చి పెడుతుంది. స్కోరు ఇంత కంటే తక్కువైతే వదిలేయమని గీత గీయొచ్చు కానీ ఆ గీత మోడల్‌ను బట్టి మారుతుంది. ఇ5 మోడళ్లలో స్కోర్లు ఎక్కువగా 0.7 నుంచి 1.0 మధ్యనే గుమిగూడతాయని వాటి తయారీదారులే చెప్పారు. అక్కడ 0.75 అంటే బాగా దగ్గరని కాదు. సంబంధం ఉన్న ప్రశ్నలు, లేని ప్రశ్నలు కొన్ని వేసి చూశాకే ఆ గీత ఎక్కడ గీయాలో తెలుస్తుంది.

## మాటకు మాట వెతకడం ఎందుకు పోలేదు

ఇప్పుడు ఇంకో ప్రశ్న: "19(3) గడువు ఎంత?" వెక్టర్ వెతుకులాటకు 19(1), 19(3), 19(6) అన్నీ అప్పీళ్ల గడువులే. 19(1) మొదటి అప్పీలు వేయడానికి 30 రోజులు. 19(3) కమిషన్‌కు రెండో అప్పీలు వేయడానికి 90 రోజులు. 19(6) అప్పీలు పరిష్కరించడానికి 30 రోజులు, పొడిగిస్తే మొత్తం 45 రోజులు. మూడూ ఒకే వీధిలో ఇళ్లు. "19(3)" అన్న సంకేతానికి అర్థం లేదు కాబట్టి ఎంబెడింగ్ దాన్ని గట్టిగా పట్టుకోదు. ఇలాంటి చోట మాటకు మాట పోల్చే బీఎం25 అనే పాత సూత్రం నెగ్గుతుంది. అరుదైన మాట ఏ ముక్కలో ఉందో దానికి ఎక్కువ మార్కులు వేయడం దాని పద్ధతి.

రెండు జాబితాలనూ కలపడానికి తేలిక మార్గం ఒకటుంది. ప్రతి జాబితాలో ముక్కకు వచ్చిన ర్యాంకుకు 60 కలిపి, ఒకటిని దానితో భాగించి, వచ్చినవి కూడడం. 19(1) ముక్క వెక్టర్ జాబితాలో 1వది, మాటల జాబితాలో 12వది అనుకుందాం: 1/61 + 1/72, అంటే సుమారు 0.0303. 19(3) ముక్క వెక్టర్ జాబితాలో 3వది, మాటల జాబితాలో 1వది: 1/63 + 1/61, అంటే సుమారు 0.0323. రెండోదే పైకి వస్తుంది. రెండు చోట్లా బాగానే ఉన్నది, ఒకచోట మాత్రమే మొదటగా ఉన్నదాన్ని దాటేస్తుంది.

తెలుగులో బీఎం25 ఒంటరిగా నిలబడలేకపోవడానికి కారణం విభక్తులు. దరఖాస్తు, దరఖాస్తుకు, దరఖాస్తులో, దరఖాస్తుదారుడికి అన్నవి దానికి నాలుగు వేర్వేరు మాటలు. అడిగేవాళ్లు "అర్జీ" అనో "అప్లికేషన్" అనో రాస్తే అసలు కలవదు. ప్రత్యయాలు కత్తిరించే పని చేర్చితే కొంత మేలు. "19(3)"ను 19 గానూ 3 గానూ విడగొట్టే టోకెనైజర్ ఉంటే మాత్రం పైన చెప్పిన లాభమంతా గాలికి పోతుంది. అది ముందు సరిచూసుకోవాలి.

## మోడల్ ముందు పెట్టే కాగితం

కలిపిన జాబితాలో పైనున్న యాభై ముక్కలను ఇంకో మోడల్‌తో మళ్లీ వరస చేయిస్తే ఫలితం సాధారణంగా మెరుగవుతుంది. రీర్యాంకర్ అనే ఈ మోడల్ ప్రశ్ననూ ముక్కనూ పక్కపక్కన పెట్టుకుని కలిపి చదువుతుంది. ఎంబెడింగ్ రెండింటినీ విడివిడిగా చదివింది. పెళ్లిచూపుల్లో ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టడానికీ, ఫొటోలు, బయోడేటాలు పోల్చడానికీ ఉన్నంత తేడా. నెమ్మదిగా పనిచేస్తుంది కాబట్టి అన్ని ముక్కల మీదా నడపలేరు, ముందు వడపోసిన కొద్దివాటి మీదే నడుపుతారు.

చివరకు నాలుగైదు ముక్కలు, వాటి పైన ఒక సూచన, కింద ప్రశ్న కలిపి మోడల్‌కు వెళతాయి. "కింద ఇచ్చిన పాఠం ఆధారంగానే చెప్పు, అందులో లేకపోతే లేదని చెప్పు" అన్నది సాధారణ సూచన. ఐదు బదులు యాభై ముక్కలు పెడితే ప్రొవైజో ఎక్కడో ఒకచోట ఉంటుంది కదా అన్న ఆలోచన సహజం. ఉంటుంది, కానీ ఎక్కడ ఉందన్నది కూడా లెక్కలోకి వస్తుంది. స్టాన్‌ఫర్డ్ తదితర సంస్థల పరిశోధకులు 2023లో పరీక్షించిన మోడళ్లు, కావలసిన సమాచారం పొడవాటి పాఠానికి మొదట్లోనో చివర్లోనో ఉంటే బాగా వాడుకున్నాయి, మధ్యలో ఉంటే తడబడ్డాయి. ఆ తర్వాతి మోడళ్లు మెరుగయ్యాయి. అయినా సంబంధం లేని ముక్కలు పెరిగేకొద్దీ "30 రోజులు" అన్న మాట ఐదారు చోట్ల కనిపించి, "48 గంటలు" ఒక్కచోటే కనిపించే పరిస్థితి వస్తుంది.

కాలం ఇంకో చిక్కు. వ్యక్తిగత సమాచారాన్ని మినహాయించే 8(1)(జె)ను 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం సవరించింది. పాత పాఠంలో విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే వెల్లడించవచ్చన్న మెలిక ఆ క్లాజులోనే ఉండేది, కొత్త పాఠంలో ఆ క్లాజు నుంచి దాన్ని తీసేశారు. పాత పీడీఎఫ్, కొత్త పీడీఎఫ్ రెండూ సూచికలో ఉంటే వెతుకులాటకు రెండూ సమానమే. పాతది పొడవుగా, వివరంగా ఉంది కాబట్టి అదే ప్రశ్నకు మరింత దగ్గర కావచ్చు కూడా. వెక్టర్‌లో తేదీ ఉండదు. ప్రతి ముక్కతోపాటు అది ఎప్పటినుంచి ఎప్పటిదాకా అమల్లో ఉందో రాసిపెట్టి, వెతకడానికి ముందే ఆ తేదీతో వడపోయాలి.

## తప్పు ఎవరిది

జవాబు తప్పు వచ్చినప్పుడు మోడల్ మార్చేయడం మొదటి ఆలోచనగా వస్తుంది. అంతకుముందు చేయదగిన చిన్న పరీక్ష ఉంది. వెతుకులాటను పక్కనపెట్టి, సరైన పాఠాన్ని, ఇక్కడ 7(1)ను ప్రొవైజోతో సహా, చేత్తో తీసుకెళ్లి అదే ప్రశ్నతో అదే మోడల్‌కు ఇవ్వడం. అప్పుడు 48 గంటలని చెబితే లోపం వెతుకులాటది. అప్పటికీ 30 రోజులే అంటే లోపం మోడల్‌దో, సూచనదో. మొదటి రకమైతే ఎంత ఖరీదైన మోడల్ తెచ్చినా అదే తప్పు మళ్లీ వస్తుంది.

దీన్ని ఒక ప్రశ్నకు కాకుండా యాభై ప్రశ్నలకు చేయాలి. చట్టం తెలిసిన మనిషి యాభై ప్రశ్నలు రాసి, ఒక్కోదానికి ఏ ఉపసెక్షన్ కావాలో పక్కన గుర్తుపెడతాడు. పైనుంచి ఐదు ముక్కల్లో ఆ ఉపసెక్షన్ ఎన్ని ప్రశ్నలకు వచ్చిందో లెక్కపెడితే వెతుకులాట బలం తెలుస్తుంది. ఇందులో లాంగ్వేజ్ మోడల్ పాత్రే లేదు, ఖర్చూ లేదు. కత్తెర పద్ధతి మార్చిన ప్రతిసారీ ఈ లెక్క మళ్లీ తీయొచ్చు. ప్రశ్నలు చట్టం భాషలో కాకుండా జనం అడిగే భాషలో ఉండాలన్నదొక్కటే షరతు. చట్టం చదివి రాసిన ప్రశ్నల్లో "ప్రాణం లేదా స్వేచ్ఛ" అన్న మాటలు దొర్లిపోతాయి. అప్పుడు వెతుకులాట సులువైపోయి మార్కులు బాగా వస్తాయి. నిజంగా అడిగేవాళ్లు "తమ్ముణ్ని తీసుకెళ్లారు" అనే అడుగుతారు.

ఉపసెక్షన్ల వారీగా కోసి, శీర్షిక చేర్చి, రెండు రకాల వెతుకులాటలూ కలిపాక ఈ ప్రశ్నకు 7(1) ప్రొవైజోతో సహా పైకి వస్తుందనుకుందాం. వ్యవస్థ 48 గంటలని చెబుతుంది. ఆ దరఖాస్తు నిజంగా ఆ ప్రొవైజో కిందికి వస్తుందా అన్నది అధికారి, ఆ తర్వాత అప్పీలు అధికారి, కమిషన్ తేల్చే విషయం. వెతుకులాట పాఠాన్ని తెస్తుంది, ఆ పాఠం ఈ కేసుకు వర్తిస్తుందో లేదో తేల్చదు. జవాబులో ఆ మాట కూడా రావాలంటే సూచనలోనే చెప్పి ఉండాలి.

రెండు రోజుల తర్వాత అదే మనిషి అదే చాట్‌లో "48 గంటలు దాటిపోయాయి, ఇప్పుడేం చేయాలి?" అని అడుగుతారు. ఈ వాక్యాన్ని ఉన్నదున్నట్టు వెక్టర్‌గా మారిస్తే అందులో ఆర్టీఐ లేదు, అప్పీలు లేదు, తమ్ముడు లేడు. దగ్గరగా వచ్చేది మళ్లీ ఆ 48 గంటల ముక్కే. నిజానికి కావలసినవి, గడువు దాటితే తిరస్కరించినట్టే అనే 7(2), 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయొచ్చనే 19(1). అందుకని వెతకడానికి ముందు, పాత సంభాషణ చూసి ప్రశ్నను "ఆర్టీఐ దరఖాస్తుకు గడువులోగా జవాబు రాకపోతే అప్పీలు ఎవరికి, ఎన్నాళ్లలో" అని తిరగరాయాలి. ఆ తిరగరాతను కూడా యాభై ప్రశ్నల పట్టికలో చేర్చి, ఏ ముక్కలు వచ్చాయో విడిగా చూసుకోవాలి.